పర్సనల్ లోన్ ముందే తీర్చేస్తే నిజంగా ఎంత మిగులుతుంది?

పర్సనల్ లోన్ ముందే కట్టేస్తానని అడిగితే తరచూ వినిపించే మాట ఒకటుంది. "వడ్డీ అంతా మొదట్లోనే కట్టేశారు కదండీ, ఇప్పుడు క్లోజ్ చేస్తే మీకేం మిగులుతుంది? పైగా నాలుగు శాతం ఛార్జీ పడుతుంది." ఇంకోవైపు ఇంట్లోవాళ్లు, స్నేహితులు "అప్పు ఎంత తొందరగా తీరిస్తే అంత మంచిది" అంటారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏది ఎప్పుడు వర్తిస్తుందో తేల్చడానికి రెండు అంకెలు చాలు. ఒకటి ఈరోజు మిగిలి ఉన్న అసలు, రెండోది మిగిలి ఉన్న నెలలు. ఇప్పటిదాకా ఎంత వడ్డీ కట్టామన్నది ఈ లెక్కలోకి రాదు. కట్టేసిన వడ్డీ, లోన్ తీసుకున్నప్పుడు పోయిన ప్రాసెసింగ్ ఫీజు ఎలాగూ తిరిగి రావు.

ఒక లోన్ తీసుకుని చివరిదాకా లెక్క వేద్దాం. అప్పు 5,00,000 రూపాయలు, వడ్డీ ఏడాదికి 14 శాతం, తగ్గే బాకీ మీద లెక్క, గడువు 60 నెలలు. దీనికి ఈఎంఐ 11,634 రూపాయలు. లోన్‌ను గడువుకు ముందే మూసినందుకు వేసే ఫోర్‌క్లోజర్ ఛార్జీ మిగిలిన అసలు మీద 4 శాతం అనుకుందాం. ఈ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి మన జేబులోంచి పోయేది 4 శాతం కాదు, 4.72 శాతం. జీఎస్టీ ఛార్జీ మీదే పడుతుంది, తిరిగి కట్టే అసలు మీద పడదు. క్లోజర్ స్టేట్‌మెంట్ రాగానే ఈ రెండు అంకెలనూ సరిచూసుకోవాలి.

ముందు ఛార్జీ పడుతుందో లేదో

లెక్కలోకి దిగే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీ లోన్ వడ్డీ స్థిరమా, మారేదా? సొంత అవసరాలకు వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ టర్మ్ లోన్ల మీద బ్యాంకులు ఫోర్‌క్లోజర్ ఛార్జీ వసూలు చేయకూడదని ఆర్బీఐ 2014లోనే చెప్పింది. 2025 జూలైలో ఇచ్చిన ప్రీపేమెంట్ ఛార్జీల ఆదేశాలు దీన్ని మరింత స్పష్టం చేశాయి. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యూ అయిన లోన్లకు అవి వర్తిస్తాయి. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కట్టినా, ఎన్ని నెలలకు కట్టినా ఫ్లోటింగ్ లోన్‌కు ఛార్జీ ఉండకూడదు. కనీసం ఇన్ని ఈఎంఐలు కట్టాకే అనే షరతు కూడా పెట్టకూడదు.

అయితే మన దగ్గర పర్సనల్ లోన్లు ఎక్కువగా స్థిర వడ్డీవే. వాటికి ఛార్జీ వేయొచ్చు. కొన్ని బ్యాంకులు మాత్రం పర్సనల్ లోన్‌ను కూడా రెపో రేటు వంటి మారే ప్రామాణిక రేటుకు ముడిపెట్టి ఇస్తాయి. మీది అలాంటిదైతే ఛార్జీ గురించి ఆలోచించాల్సిన పనే లేదు. మంజూరు పత్రంలో వడ్డీ రేటు పక్కన ఏం రాసి ఉందో చూడండి. 2024 అక్టోబర్ నుంచి కొత్త రిటైల్ టర్మ్ లోన్లకు కేఎఫ్ఎస్ అనే ముఖ్యాంశాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఫోర్‌క్లోజర్ ఛార్జీ అందులో ఉండాలి. అందులో చూపని ఛార్జీని మీ అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయడానికి వీల్లేదు. ఫోన్‌లో ఎవరో చెప్పిన శాతాన్ని పట్టుకుని లెక్క వేయకుండా ఈ కాగితంలో ఉన్న శాతంతోనే వేయండి.

మిగిలిన వడ్డీ ఎంత?

మన ఉదాహరణలో 24 ఈఎంఐలు కట్టాక మిగిలిన అసలు 3,40,402 రూపాయలు. ఇంకా 36 ఈఎంఐలు ఉన్నాయి. 36ను 11,634తో గుణిస్తే 4,18,824. అందులోంచి మిగిలిన అసలు తీసేస్తే 78,422. లోన్‌ను చివరిదాకా నడిపిస్తే ఇకపై కట్టబోయే వడ్డీ ఇదే. ఫోర్‌క్లోజ్ చేస్తే తప్పేది కూడా ఇదే. ఛార్జీ 13,616, దాని మీద జీఎస్టీ 2,451, కలిపి 16,067. తేడా 62,355 రూపాయలు.

ఇక్కడ చాలామంది అడుగు తప్పేది "ఔట్‌స్టాండింగ్" దగ్గర. కొన్ని యాప్‌లలో ఆ పేరుతో కనిపించేది మిగిలిన అసలు కాదు, కట్టాల్సిన ఈఎంఐలన్నిటి మొత్తం. ఈ లోన్‌లో అదైతే 4,18,824 కనిపిస్తుంది. దాన్నే బాకీ అనుకుంటే ఈఎంఐల మొత్తానికి, బాకీకి తేడా సున్నా వస్తుంది, ముందే కట్టినా ఒక్క రూపాయి మిగలదనిపిస్తుంది. అందుకని యాప్‌ను వదిలి, రీపేమెంట్ షెడ్యూల్‌లో "ప్రిన్సిపల్ ఔట్‌స్టాండింగ్" అని ఉన్న గడిలో అంకెను తీసుకోండి. సరైనదో కాదో తెలుసుకునే పరీక్ష సులువే. ఆ అంకెను నెల వడ్డీ రేటుతో గుణిస్తే వచ్చే మొత్తం తర్వాతి ఈఎంఐలో చూపించిన వడ్డీకి సరిపోవాలి. ఇక్కడ 3,40,402కు నెలకు 14/12 శాతం వేస్తే 3,971. షెడ్యూల్‌లో 25వ ఈఎంఐ ఎదురుగా వడ్డీ ఇంతే కనిపించాలి. పొంతన కుదరకపోతే బాకీ తప్పయినా ఉండాలి, రేటు మీరనుకున్నది కాకపోయినా ఉండాలి. కొందరు మొదటి మొత్తం మీదే చివరిదాకా ఫ్లాట్ వడ్డీ లెక్కగట్టి ఇస్తారు. అప్పుడు కాగితం మీది శాతం కన్నా అసలు రేటు చాలా ఎక్కువగా ఉంటుంది. మొత్తం నెలలను, ఈఎంఐని, మొదట తీసుకున్న అప్పును కింద వచ్చే RATE సూత్రంలో పెడితే అసలు రేటు బయటపడుతుంది.

ఇక "వడ్డీ అంతా మొదట్లోనే కట్టేశారు" అన్న మాట. మొదటి 24 నెలల్లో 1,19,618 రూపాయల వడ్డీ పోయింది. మొత్తం వడ్డీ 1,98,040లో ఇది దాదాపు 60 శాతం. ఆ మాటలో నిజం అంతవరకే. బాకీ పెద్దగా ఉన్నప్పుడు వడ్డీ పెద్దగా ఉంటుంది, బాకీ తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది. రేటు మాత్రం మొదటి నెలైనా యాభయ్యో నెలైనా ఒకటే, 14 శాతం. ఈరోజు మిగిలి ఉన్న ప్రతి రూపాయీ ఈరోజు కూడా 14 శాతం వడ్డీ తింటూనే ఉంది.

నెలలు తగ్గేకొద్దీ మారే చిత్రం

అదే లోన్‌ను వేర్వేరు సమయాల్లో మూసేస్తే ఎలా ఉంటుందో ఈ పట్టికలో ఉంది. పోల్చడానికి వీలుగా ఛార్జీని అన్నిచోట్లా 4.72 శాతంగానే ఉంచాను.

| మిగిలిన నెలలు | మిగిలిన అసలు | తప్పే వడ్డీ | జీఎస్టీతో ఛార్జీ | తేడా |
|---|---|---|---|---|
| 36 | 3,40,402 | 78,422 | 16,067 | 62,355 లాభం |
| 24 | 2,42,313 | 36,903 | 11,437 | 25,466 లాభం |
| 12 | 1,29,575 | 10,033 | 6,116 | 3,917 లాభం |
| 7 | 77,768 | 3,670 | 3,671 | దాదాపు సున్నా |
| 6 | 67,040 | 2,764 | 3,164 | 400 నష్టం |

ఛార్జీకి నెలలతో సంబంధం లేదు. బాకీ ఎంతుంటే అందులో 4.72 శాతం, అంతే. తప్పే వడ్డీ మాత్రం బాకీ మీదా, నెలల మీదా ఆధారపడుతుంది. అందుకే నెలలు తగ్గేకొద్దీ వడ్డీ ఛార్జీ కన్నా వేగంగా కరిగిపోయి, ఒకచోట రెండూ సమానమవుతాయి. ఈ లోన్‌కు అది ఏడు నెలలు మిగిలినప్పుడు.

పట్టిక వేసే ఓపిక లేకపోతే ఒక దగ్గరి దారి ఉంది. మిగిలిన నెలలకు ఒకటి కలిపి, ఏడాది వడ్డీ శాతంతో గుణించి, 24తో భాగించండి. వచ్చేది మిగిలిన అసలులో తప్పే వడ్డీ ఎంత శాతమో దాదాపుగా చెబుతుంది. 12 నెలలు మిగిలితే 13 × 14 ÷ 24, అంటే 7.6 శాతం. కచ్చితమైన లెక్కలో 7.7. దీన్ని 4.72తో పోల్చుకుంటే చాలు. గడువు ఎక్కువగా మిగిలి ఉన్నప్పుడు ఈ సూత్రం కాస్త తక్కువ చూపిస్తుంది. 36 నెలలకు 21.6 శాతం వస్తుంది, నిజానికి 23. నిర్ణయం తారుమారయ్యేది నెలలు తక్కువగా ఉన్నచోటే, అక్కడ సూత్రం బాగానే పనిచేస్తుంది.

దీన్నే తిప్పి వాడితే సమానమయ్యే నెల తెలుస్తుంది. ఛార్జీ శాతాన్ని 24తో గుణించి, వడ్డీ శాతంతో భాగించి, ఒకటి తీసేయాలి. 14 శాతం లోన్‌కు 7 నెలలు వస్తుంది. అదే ఛార్జీతో 24 శాతం లోన్ అయితే నాలుగు నెలల లోపే. 11 శాతం లోన్ అయితే తొమ్మిది నెలలు దాటుతుంది. వడ్డీ తక్కువున్న లోన్‌కే ఛార్జీ బరువుగా తగులుతుంది.

62,355 నిజంగా మిగులుతుందా?

పై పట్టికలో చివరి గడి నిజమే గానీ పూర్తి నిజం కాదు. ఇంటర్నెట్‌లో దొరికే ఫోర్‌క్లోజర్ కాలిక్యులేటర్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఫోర్‌క్లోజ్ చేయాలంటే ఈరోజు 3,56,469 రూపాయలు ఒక్కసారిగా తీసి పెట్టాలి. ఆ డబ్బు ఎక్కడో ఒకచోట ఉండి ఎంతో కొంత సంపాదిస్తూ ఉంటుంది. దాన్ని తీసేశాక ఆ సంపాదన పోతుంది. ఇంకోపక్క, వచ్చే నెల నుంచి 11,634 రూపాయల ఈఎంఐ తప్పుతుంది, ఆ డబ్బును దాచుకోవచ్చు. ఈ రెండూ లెక్కలోకి వస్తేనే పోలిక న్యాయంగా ఉంటుంది.

ఆ డబ్బు 7 శాతం వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉందనుకుందాం. వడ్డీ నెలనెలా అసలులో కలుస్తుందని తీసుకుంటే, దాన్ని కదపకుండా ఉంచి ఈఎంఐలు జీతంలోంచి కట్టుకుంటూ పోతే మూడేళ్లకు అది 4,39,500 అవుతుంది, లోన్ కూడా తీరిపోతుంది. అలా కాకుండా ఈరోజే లోన్ మూసేసి, తప్పిన 11,634ను ప్రతి నెలా అదే 7 శాతానికి వేసుకుంటూ పోతే మూడేళ్లకు సుమారు 4,64,500 అవుతుంది. రెండింటి మధ్య తేడా పాతిక వేలు. మూడేళ్ల తర్వాత మీ చేతిలో అదనంగా ఉండేది 62 వేలు కాదు, ఇంచుమించు 25 వేలు. అది కూడా తప్పిన ఈఎంఐని క్రమంగా దాచుకుంటేనే.

ఆదాయపు పన్ను కలిపితే లెక్క మళ్లీ కొంచెం ఫోర్‌క్లోజర్ వైపు మొగ్గుతుంది. డిపాజిట్ వడ్డీ మీద పన్ను ఉంటుంది. సొంత ఖర్చులకు వాడిన పర్సనల్ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు రాదు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి 7 శాతం డిపాజిట్ చేతికి ఇచ్చేది సుమారు 5.6 శాతమే. అప్పుడు తేడా 25 వేల నుంచి 33 వేల దాకా పెరుగుతుంది. డిపాజిట్‌ను గడువుకు ముందే విరగ్గొట్టాల్సి వస్తే బ్యాంకు వడ్డీలో కోత వేస్తుంది. ఆ కోతను ఫోర్‌క్లోజర్ ఛార్జీతో కలిపి చూడాలి.

ఇంత లెక్క ప్రతిసారీ వేయకుండా ఒకే అంకెతో తేల్చే పద్ధతి ఉంది, నిర్ణయం తీసుకోవడానికి నేను చెప్పేది ఇదే. ఫోర్‌క్లోజర్‌కు కట్టే మొత్తాన్ని ఒక పెట్టుబడిగా, తప్పే ఈఎంఐలను దాని మీద వచ్చే రాబడిగా చూడండి. ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఇది ఒక్క వరుస:

```
=RATE(36, 11634, -356469)*12
```

మొదటిది మిగిలిన నెలలు, రెండోది ఈఎంఐ, మూడోది ఛార్జీ, జీఎస్టీ కలిపి ఈరోజు కట్టాల్సిన మొత్తం, దాని ముందు మైనస్ గుర్తు. జవాబు దాదాపు 10.8 శాతం. అంటే 14 శాతం లోన్‌ను ఛార్జీ కట్టి మూసేయడం 10.8 శాతం పన్నులేని రాబడితో సమానం. మీ డబ్బు వేరేచోట పన్ను పోను అంతకన్నా తక్కువే తెస్తుంటే మూసేయండి.

ఇదే సూత్రాన్ని 24 నెలలు మిగిలినప్పుడు వేస్తే 9.4 శాతం వస్తుంది. 12 నెలలు మిగిలితే 5.3 శాతమే. పట్టికలో ఆ వరుస 3,917 రూపాయల లాభం చూపిస్తోంది, కానీ 7 శాతం డిపాజిట్‌ను తీసి 12 నెలల బాకీని మూసేస్తే పన్నుకు ముందు లెక్కలో నష్టపోయినట్టే. అందుకే అసలైన సమాన స్థానం ఏడు నెలలు కాదు. దగ్గరి దారిలో 14 బదులు 14కూ 7కూ ఉన్న తేడా, అంటే 7 పెట్టి చూస్తే 15 నెలలకు పైన వస్తుంది. నిఖార్సైన లెక్క కూడా 15, 16 నెలల మధ్యే ఆగుతుంది. డబ్బు సేవింగ్స్ ఖాతాలో మూడు శాతానికి పడి ఉంటే ఈ గీత ఇంకా దిగువకు, తొమ్మిది నెలల దగ్గరకు వస్తుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. ఆసుపత్రి ఖర్చుకో ఉద్యోగం పోతేనో ఆదుకునే చివరి డబ్బును తీసి లోన్ మూసేయొద్దు. మూడు నెలల తర్వాత మళ్లీ అప్పు అవసరమైతే అప్పటి రేటు, కొత్త ప్రాసెసింగ్ ఫీజు ఈ లాభాన్నంతా మింగేస్తాయి.

వేరే బ్యాంకుకు మార్చుకుంటే

"మీ 14 శాతం లోన్‌ను 11 శాతానికి ఇస్తాం, ఇటు మార్చుకోండి" అనే ఫోన్లు చాలామందికి వస్తాయి. మూడు శాతం తగ్గుతోంది కదా అనిపిస్తుంది. పైన వచ్చిన 10.8 శాతమే దీనికీ సమాధానం. పాత లోన్‌ను ఛార్జీతో మూయడం 10.8 శాతం రాబడికి సమానమైతే, దానికోసం 11 శాతానికి అప్పు తేవడం నష్టమే. అంకెల్లో చూడండి. కొత్త లోన్ 3,56,469 రూపాయలు, 11 శాతం, 36 నెలలు. ఈఎంఐ 11,670 వస్తుంది. పాతది 11,634. ప్రాసెసింగ్ ఫీజు కలపకముందే నెలకు 36 రూపాయలు ఎక్కువ.

ఇది కనబడకుండా చేసేది గడువు. కొత్త లోన్‌ను 60 నెలలకు ఇస్తే ఈఎంఐ 7,750 దగ్గరికి పడిపోతుంది, దాదాపు నాలుగు వేలు ఊపిరి దొరికినట్టు అనిపిస్తుంది. కానీ మొత్తం కట్టేది 4,65,000 రూపాయలు. పాత లోన్‌లో మిగిలింది 4,18,824. పైన 46 వేలు, ఇంకో రెండేళ్ల అప్పు. నెల గడవడమే కష్టంగా ఉంటే ఈఎంఐ తగ్గించుకోవడం అర్థమున్న పనే, అయితే అది ఆదా కాదని తెలిసి చేయాలి. రేట్లను పోల్చేటప్పుడు మిగిలిన గడువును మార్చకుండా పోల్చాలి. కొత్త రేటు 8, 9 శాతాల్లో ఉంటేనో, పాత లోన్‌కు ఫోర్‌క్లోజర్ ఛార్జీ లేకపోతేనో బదిలీ కలిసొస్తుంది.

ఛార్జీని తగ్గించే రెండు దారులు

చాలా ఒప్పందాల్లో ఛార్జీ మెట్లుగా ఉంటుంది. రెండేళ్లలోపు మూస్తే 4 శాతం, ఆ తర్వాత 3, మూడేళ్లు దాటితే 2, ఇలా. మెట్టు మారడానికి దగ్గర్లో ఉంటే ఆగాలా వద్దా? ఒక శాతం తగ్గితే జీఎస్టీతో కలిపి బాకీలో 1.18 శాతం మిగులుతుంది. ఒక నెల ఆగితే 14 శాతం వడ్డీ కడతారు, మీ డబ్బు 7 శాతం తెస్తుంది. తేడా నెలకు బాకీలో 0.58 శాతం. అంటే రెండు నెలల దాకా ఆగొచ్చు, మూడో నెలకు నష్టం. డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఊరికే ఉంటే నెలకు 0.9 శాతానికి పైగా పోతుంది కాబట్టి ఒక నెలకు మించి ఆగొద్దు. మెట్టును క్యాలెండర్ నెలలతో లెక్కిస్తారా, కట్టిన ఈఎంఐలతో లెక్కిస్తారా అన్నది ఒప్పందంలో చూసుకోవాలి. ఒకటి రెండు రోజుల తేడాతో పై మెట్టులో పడిపోయే ప్రమాదం ఉంది.

రెండో దారి పాక్షిక చెల్లింపు. కొన్ని సంస్థలు ఏడాదికి బాకీలో 25 శాతం దాకా ఛార్జీ లేకుండా కట్టనిస్తాయి. మన ఉదాహరణలో అది 85,100 రూపాయలు. దీన్ని ముందు పాక్షికంగా కట్టి, మిగతాది తర్వాత ఫోర్‌క్లోజ్ చేస్తే ఆ 85,100 మీద పడాల్సిన 4,017 రూపాయల ఛార్జీ తప్పుతుంది. అయితే ఫోర్‌క్లోజర్‌కు ముందు కొంతకాలంలో కట్టిన పాక్షిక చెల్లింపులను కూడా ఛార్జీ లెక్కలో కలిపే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. ఆ వాక్యం ఉందో లేదో చదివాకే ఈ దారి పట్టండి. మూయకుండా పాక్షిక చెల్లింపుతోనే ఆగాలనుకుంటే, ఈఎంఐ తగ్గించమని కాకుండా గడువు తగ్గించమని రాసివ్వండి. వడ్డీ ఎక్కువగా తప్పేది గడువు తగ్గినప్పుడే.

మూసే రోజు

ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లో అసలు, ఛార్జీ, జీఎస్టీలతో పాటు చివరి ఈఎంఐ నుంచి మూసే రోజు దాకా వడ్డీ ఉంటుంది. మన లోన్‌కు అది రోజుకు దాదాపు 131 రూపాయలు. అందుకే ఈఎంఐ కట్ అయిన మూడు నాలుగు రోజుల్లో మూయడం మంచిది. ఈఎంఐ తేదీకి ముందు రోజో, అంతకు ముందు రోజో మూస్తే ఇంకో చిక్కు వస్తుంది. ప్రతి నెలా ఖాతాలోంచి ఈఎంఐని దానంతట అదే కట్ చేసే నాచ్ ఏర్పాటు ద్వారా వెళ్లే అభ్యర్థన అప్పటికే బ్యాంకుకు చేరి ఉండవచ్చు. లోన్ మూసిన మర్నాడు ఈఎంఐ కూడా కట్ అవుతుంది, దాన్ని వెనక్కి రప్పించుకోవడానికి వారాలు తిరగాల్సి వస్తుంది. ఖాతాలో డబ్బు లేకపోతే అభ్యర్థన బౌన్స్ అయి, ఆ ఛార్జీ మరో తలనొప్పి.

స్టేట్‌మెంట్‌కు గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటాక పాత మొత్తమే కడితే రోజుల వడ్డీ తక్కువ పడుతుంది. కొన్ని వందల రూపాయలు తగ్గినా సిస్టమ్ దాన్ని ఫోర్‌క్లోజర్‌గా తీసుకోదు, పాక్షిక చెల్లింపుగా జమ చేస్తుంది లేదా పక్కన పెడుతుంది. మీరేమో లోన్ తీరిందనుకుని ఖాతాలో డబ్బు ఉంచరు. తర్వాతి ఈఎంఐ బౌన్స్ అయి, ఆలస్యం క్రెడిట్ రిపోర్టుకు ఎక్కుతుంది. కట్టిన మర్నాడే యాప్‌లో లోన్ "క్లోజ్డ్" అని చూపిస్తోందా, బాకీ సున్నా ఉందా అని చూసుకుంటే దీన్ని మొదట్లోనే పట్టుకోవచ్చు. స్టేట్‌మెంట్‌లో పాత బౌన్స్ ఛార్జీలు, ఆలస్య రుసుములు కలిపి ఉంటే వాటి తేదీలు అడగండి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోలనివి ఉంటే కట్టడానికి ముందే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి, మూశాక వాటిని వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

ఆ తర్వాత మూడు పనులు మిగులుతాయి. బాకీ లేదని చెప్పే ఎన్ఓసీని లోన్ ఖాతా నంబరుతో సహా తీసుకోవాలి. మీ బ్యాంకులో ఆ లోన్ పేరుతో ఉన్న నాచ్ మాండేట్‌ను రద్దు చేయించాలి. నెల, నెలన్నర తర్వాత క్రెడిట్ రిపోర్టు తీసి, ఆ లోన్ ఎదురుగా "క్లోజ్డ్" అని ఉందో లేదో చూడాలి. అక్కడ "సెటిల్డ్" అని ఉంటే వెంటనే ఫిర్యాదు చేయాలి. పూర్తిగా కట్టకుండా రాజీపడి తీర్చుకున్న లోన్లకు వాడే మాట అది, కొత్త అప్పు అడిగినప్పుడు గట్టిగా అడ్డుపడుతుంది. లోన్ ఇచ్చినప్పుడు ఒకేసారి ప్రీమియం కట్టించి బీమా కూడా అంటగట్టి ఉంటే, మిగిలిన కాలానికి తిరిగి ఎంత వస్తుందో ఎన్ఓసీ కాపీ జతచేసి బీమా సంస్థను అడగండి. అడగనిదే ఆ డబ్బు దానంతట అదే ఖాతాలోకి రావడం అరుదు.